స్లైడులో ఒక వాక్యం రెండు రకాలుగా అర్థమైతే ఆచార్యులకు మెయిలు ఎలా రాయాలి

నేను తిరుపతిలో ఎం.ఏ. తెలుగు చదివాను. ఇప్పుడు చిత్తూరులో డిగ్రీ విద్యార్థులకు పాఠం చెబుతున్నాను. ఒకప్పుడు ఇలాంటి మెయిళ్లు పంపినవాడిని, ఇప్పుడు అందుకుంటున్నవాడిని. సెమిస్టరు సగానికి వచ్చేసరికి జూనియర్లు ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "స్లైడులో ఒక లైను అటూ ఇటూగా ఉంది. సార్‌కి మెయిలు పెడితే తప్పు పట్టినట్టు అనుకుంటారేమో. ఎలా రాయాలి?"

ఈ మధ్య తిరుపతిలో చదువుతున్న ఒక అమ్మాయి ఇదే అడిగింది. ఇద్దరం కూర్చుని ఆ మెయిలు మొదటి నుంచి చివరి దాకా రాశాం. ఆ ఒక్క మెయిలునే ఇక్కడ విప్పి చూపిస్తాను. పాఠం సంధుల గురించి. మీ పాఠం భౌతికశాస్త్రమైనా, వాణిజ్యమైనా వరుస ఇదే. ఇంగ్లీషులో రాసేవారికీ ఇదే వరుస పనికొస్తుంది.

1. స్లైడును ఉన్నది ఉన్నట్టు కాగితం మీద దించండి

సందేహం వచ్చిన పంక్తి ఒక్కటే కాదు, దాని పైనా కిందా ఉన్నవి కూడా రాసుకోవాలి. ఆ అమ్మాయి తెచ్చిన 14వ స్లైడు ఇలా ఉంది:

> అకార సంధి – బహుళం
> ఇకార సంధి – వైకల్పికం
> పై రెండింటిలో సంధి జరగవచ్చు, జరగకపోవచ్చు.
> ఉదా: మేన + అల్లుడు = మేనల్లుడు, మేనయల్లుడు
> ఏమి + అంటివి = ఏమంటివి, ఏమియంటివి

మొదట ఆమె నాతో అన్నది "స్లైడంతా గందరగోళంగా ఉంది" అని. నిజానికి గందరగోళం ఒక్క పంక్తిలోనే ఉంది, మూడోదానిలో. ఆ పంక్తిలో కూడా "జరగవచ్చు, జరగకపోవచ్చు" అన్న రెండు మాటల్లో ఉంది. సందేహాన్ని ఇంత చిన్న చోటికి తీసుకురాకుండా మెయిలు తెరవకండి.

చేతిరాతతో దించడం వల్ల ఇంకో లాభం ఉంది. కళ్లతో చదివేటప్పుడు జారిపోయే కామాలు, "కూడా", "మాత్రమే" లాంటి చిన్న మాటలు చేతికి తగులుతాయి. సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

2. ఇది ఏ రకం సందేహమో తేల్చుకోండి

వాక్యానికి మీకు ఒక్క అర్థం కూడా తోచకపోతే అది పాఠం అర్థం కాకపోవడం. దానికి మెయిలు చాలదు, తరగతి అయిన తరువాత వెళ్లి అడగాలి. ఒక్క అర్థమే తోచి, అది తప్పని అనిపిస్తే అది పొరపాటును చూపించే మెయిలు. దాని స్వరం వేరు. రెండు అర్థాలు తోచి, రెండూ వ్యాకరణానికి సరిపోతూ, ఏది ఉద్దేశమో తెలియకపోతే అదే సందిగ్ధం. మనం మాట్లాడుకుంటున్నది దీని గురించే.

మన వాక్యాన్ని ఇంటి మాటల్లో పెట్టి చూద్దాం. "మా వీధి ఇళ్లకు కుళాయి నీళ్లు రావచ్చు, రాకపోవచ్చు" అన్నారనుకోండి. ఏ ఇంటికైనా ఒక రోజు వస్తాయి, ఒక రోజు రావు అని ఒక అర్థం. కొన్ని ఇళ్లకు కనెక్షను ఉంది కాబట్టి వస్తాయి, కొన్నింటికి లేదు కాబట్టి ఎప్పటికీ రావు అని రెండో అర్థం. మాటలు అవే, బిందె పట్టుకుని నిలబడే మనిషికి మాత్రం తేడా చాలా ఉంది. సంధి విషయంలోనూ అంతే.

3. రెండు అర్థాలనూ రెండు వాక్యాల్లో రాయండి

ఈ పని మీరే చేయాలి, ఆచార్యులకు వదిలేయకూడదు. ఆ అమ్మాయి మూడు సార్లు కొట్టివేసి చివరికి ఇలా రాసింది:

- అర్థం ఒకటి: ఏ మాట తీసుకున్నా సంధి చేసిన రూపం, చేయని రూపం రెండూ సాధువే.
- అర్థం రెండు: కొన్ని మాటల్లో సంధి తప్పక జరుగుతుంది, కొన్నింటిలో జరగదు, కొన్నింటిలో రెండు రూపాలూ ఉంటాయి.

ఒక్కో అర్థం ఒక్క వాక్యంలో పట్టాలి. పట్టకపోతే మీకే అది ఇంకా తేటపడలేదన్నమాట. "అంటే ఒకవిధంగా చూస్తే..." అని మొదలయ్యే వాక్యం కనిపిస్తే కొట్టివేయండి.

4. రెండు అర్థాలూ విడిపోయే ఒక్క ఉదాహరణ వెతకండి

మెయిలుకు ప్రాణం ఇదే. దీని మీద ఎంత సమయం పెట్టినా నష్టం లేదు.

స్లైడులో ఉన్న ఉదాహరణ "మేనల్లుడు, మేనయల్లుడు". ఇది మనకు పనికిరాదు. ఎందుకంటే మొదటి అర్థం ప్రకారమూ ఈ రెండు రూపాలు సరే, రెండో అర్థం ప్రకారమూ సరే. రెండు అర్థాలకూ ఒకే జవాబు వచ్చే ఉదాహరణతో ఏ అర్థం సరైనదో తేలదు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. స్లైడులోని ఉదాహరణనే మళ్లీ రాసి "ఇది అర్థం కాలేదు" అంటారు. ఆచార్యులు దాన్ని మళ్లీ వివరించి పంపుతారు. సందేహం మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది.

మొదటి అర్థం ప్రకారం ఒప్పు, రెండో అర్థం ప్రకారం తప్పు అయ్యే రూపం కావాలి. "అమ్మ + ఇచ్చెను" తీసుకుందాం. ప్రతి మాటకూ రెండు రూపాలు ఉంటాయనుకుంటే "అమ్మిచ్చెను" అనీ రాయవచ్చు, "అమ్మయిచ్చెను" అనీ రాయవచ్చు. కొన్ని మాటల్లో సంధి జరగదనుకుంటే, ఇది అలాంటి మాటే అయిన పక్షంలో, "అమ్మయిచ్చెను" ఒక్కటే నిలుస్తుంది. ఇప్పుడు ఆచార్యులు "అమ్మిచ్చెను రాయకూడదు" అని రెండు మాటలు రాస్తే చాలు, అర్థం తేలిపోతుంది.

"రామ + అయ్య" కూడా ఈ పని చేస్తుంది. మొదటి అర్థం ప్రకారం "రామయయ్య" కూడా సాధువు కావాలి, అలా ఎవరూ అనరు. కాని ఒక మెయిలుకు ఒక్క ఉదాహరణే. రెండు పెడితే చదివేవారు రెండోదాని గురించి మాట్లాడి మొదటిదాన్ని మరచిపోతారు. ఇది నా అనుభవం.

ఉదాహరణ సరైనదో కాదో చూసుకోవడానికి ఒక చిన్న పట్టిక గీయండి. అడ్డంగా రెండు అర్థాలు, నిలువుగా మీ ఉదాహరణలు. రెండు గడుల్లో ఒకే జవాబు వస్తే ఆ ఉదాహరణ వదిలేయండి.

| ఉదాహరణ | అర్థం ఒకటి ప్రకారం | అర్థం రెండు ప్రకారం |
|---|---|---|
| మేన + అల్లుడు | రెండు రూపాలు | రెండు రూపాలు |
| అమ్మ + ఇచ్చెను | రెండు రూపాలు | అమ్మయిచ్చెను మాత్రమే |

5. పుస్తకం తెరవండి, అయితే అక్కడే ఉండిపోకండి

ఇరవై నిమిషాలు చాలు. మూడు చోట్ల చూడాలి: అదే పాఠంలో ముందు వచ్చిన స్లైడులు, మీ నోట్సు, పాఠ్యగ్రంథం. "బహుళం" అన్న మాటను ఆచార్యులు 5వ స్లైడులోనే నిర్వచించి ఉంటే 14వ స్లైడు గురించి అడగడం సిగ్గుచేటు.

మన విషయంలో ముందు స్లైడుల్లో నిర్వచనం లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మాత్రం దారి దొరికింది. అత్తుకు, అంటే మాట చివరి అకారానికి, సంధి బహుళమని చెప్పి, ఆ బహుళ గ్రహణం వల్లనే స్త్రీవాచకాల వంటి కొన్నింటికి సంధి లేదని అక్కడ చెప్పారు. అమ్మయిచ్చెను అక్కడి ఉదాహరణే. వ్యాకరణ సంప్రదాయంలో బహుళం అంటే నాలుగు: కొన్ని చోట్ల కార్యం జరుగుతుంది, కొన్ని చోట్ల జరగదు, కొన్ని చోట్ల వికల్పంగా జరుగుతుంది, కొన్ని చోట్ల ఇంకేదో జరుగుతుంది. "ఒక + ఒక" కలిసి "ఒకానొక" కావడం ఆ నాలుగోదానికి ఉదాహరణగా చెబుతారు. వైకల్పికం ఈ నాలుగింటిలో ఒకటి మాత్రమే. స్లైడులో రెండింటికీ కలిపి ఒకే వివరణ ఇవ్వడం వల్ల చిక్కు వచ్చింది.

"జవాబు దొరికింది కదా, ఇక మెయిలు ఎందుకు?" అని ఆ అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. పుస్తకం ఏం చెబుతుందో తెలిసింది. స్లైడులో ఆచార్యుల ఉద్దేశం ఏమిటో తెలియలేదు. ఆయన నాలుగు విధాలనూ కుదించి ఆ పంక్తి రాశారా, లేక ఈ సెమిస్టరుకు వికల్పం వరకే చాలనుకున్నారా? దానికి జవాబు ఆయన దగ్గరే ఉంది. మీరు అడగాల్సింది కూడా అంతవరకే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పుస్తకంలో కొత్తగా చదివినదంతా మెయిలులో కుమ్మరించాలని చేతులు దురద పెడతాయి. ఒకానొక, క్త్వార్థక ఇత్తుకు సంధి లేకపోవడం, ఇంకా ఏవేవో. అవన్నీ నోట్సులో రాసుకోండి. మెయిలులోకి ఒక్క వాక్యం వస్తే చాలు: నేను ఇక్కడ చూశాను, ఇలా అనుకుంటున్నాను.

మెయిలు తెరిచే ముందు చూసుకోవలసినవి:

- ☐ ఫైలు పేరు, స్లైడు సంఖ్య, పంక్తి సంఖ్య రాసుకున్నాను
- ☐ రెండు అర్థాలు, రెండు వాక్యాలు
- ☐ రెండింటినీ విడదీసే ఒక్క ఉదాహరణ
- ☐ ముందు స్లైడులు, నోట్సు, పుస్తకం చూశాను
- ☐ నేను ఏ అర్థం వైపు మొగ్గుతున్నానో తెలుసు

6. విషయం పంక్తి

"సందేహం", "నమస్తే సార్", "అర్జెంటు" అన్నవి విషయాలు కావు. వంద మెయిళ్ల మధ్య మీది కనబడాలి, తరువాత వెతికితే దొరకాలి.

విషయం: అకార సంధి పాఠం, 14వ స్లైడు, 3వ పంక్తి: ఒక సందేహం

ఇది చాలు. సంఖ్య ముందే కనిపిస్తే ఆయన మెయిలు తెరిచే లోపే ఫైలు తెరుస్తారు.

7. పిలుపు, మాట తీరు

పిలుపులో మనవాళ్లు రెండు కొసలకూ పోతారు. ఒక కొసన "హాయ్ సార్". ఇంకో కొసన "మహారాజశ్రీ ఆచార్యులవారి దివ్యసముఖమునకు". ఈ రెండోదాన్ని నేను నిజంగానే అందుకున్నాను. నవ్వు ఆపుకోవడానికి కాస్త సమయం పట్టింది, ప్రశ్న ఎక్కడుందో వెతకడానికి ఇంకాస్త.

"ఆచార్య (పేరు) గారికి నమస్కారం" అని మొదలుపెట్టండి. మహిళా ఆచార్యులకూ ఇదే చక్కగా సరిపోతుంది. "మీరు" చాలు, "తమరు" అంటే అర్జీలా ఉంటుంది. "ప్రియమైన" అనేది ఇంగ్లీషు ఉత్తరాల నుంచి వచ్చిన అలవాటు, మన గురువులకు రాసేటప్పుడు అతకదు.

వాక్యాల్లో కర్త ఎవరో చూసుకోవాలి. మర్యాద ఎక్కువగా అక్కడే దాగి ఉంటుంది.

"స్లైడులో సందిగ్ధత కలదు" అంటే నేరం నమోదు చేసినట్టు ఉంటుంది. "మీరు రాసిన వాక్యం స్పష్టంగా లేదు" అంటే వేలు చూపించినట్టు. "ఈ పంక్తి నాకు రెండు రకాలుగా అర్థమవుతోంది" అంటే జరిగింది జరిగినట్టు చెప్పడం. ఇందులో బొంకు లేదు, పొగడ్త లేదు, నింద లేదు.

అడగడంలోనూ అంతే. "స్పష్టత ఇవ్వగలరని మనవి" అనేది ఆఫీసు ఫైలు భాష. "ఏ అర్థం తీసుకోవాలో చెప్పగలరా?" అనేది మనిషి మనిషిని అడిగినట్టు ఉంటుంది. క్షమాపణలు వద్దు. "మీ అమూల్యమైన సమయాన్ని వృథా చేస్తున్నందుకు మన్నించండి" అని రాస్తే, ఆ వాక్యం చదవడానికి పట్టే సమయమే వృథా.

8. మెయిలు రాయండి

ఆ అమ్మాయి మొదట రాసుకున్నది ఇది:

> సార్, సంధుల స్లైడు అర్థం కాలేదు. బహుళం, వైకల్పికం ఒకటేనా? మా ఫ్రెండ్స్‌కి కూడా అర్థం కాలేదు. పుస్తకంలో వేరేగా ఉంది. ఇంటర్నల్‌లో ఏది రాయాలి? దయచేసి వివరించగలరు.

దీనికి జవాబు రాయాలంటే ఆచార్యులు మళ్లీ పాఠం చెప్పాలి. ఏ స్లైడో లేదు. "పుస్తకంలో వేరేగా ఉంది" అన్న మాట, ఏం వేరేగా ఉందో చెప్పకపోవడం వల్ల, ఫిర్యాదులా వినిపిస్తోంది. స్నేహితులను సాక్షులుగా తేవడం ఇంకా అనవసరం. రెండు ప్రశ్నలున్నాయి, రెండూ పెద్దవే.

చివరికి పంపినది ఇది:

> ఆచార్య (పేరు) గారికి నమస్కారం.
>
> నేను ఎం.ఏ. తెలుగు రెండో సెమిస్టరు చదువుతున్నాను. మంగళవారం మీరు చెప్పిన సంధుల పాఠంలో (Sandhulu_2.pdf) 14వ స్లైడు మూడో పంక్తి నాకు రెండు రకాలుగా అర్థమవుతోంది:
>
> "పై రెండింటిలో సంధి జరగవచ్చు, జరగకపోవచ్చు."
>
> 1) ప్రతి మాటకూ సంధి చేసిన రూపం, చేయని రూపం రెండూ సాధువే.
> 2) కొన్ని మాటల్లో సంధి జరుగుతుంది, కొన్నింటిలో జరగదు, కొన్నింటిలో రెండు రూపాలూ ఉంటాయి.
>
> "అమ్మ + ఇచ్చెను" దగ్గర నాకు ఈ తేడా కనిపించింది. మొదటి అర్థం ప్రకారం "అమ్మిచ్చెను" కూడా రాయవచ్చు. రెండో అర్థం ప్రకారం "అమ్మయిచ్చెను" ఒక్కటే సరి.
>
> బాలవ్యాకరణంలో స్త్రీవాచకాలకు సంధి లేదని చదివి, అకార సంధి వరకు రెండో అర్థమే తీసుకున్నాను. ఈ స్లైడులో మీ ఉద్దేశం అదేనా? వీలైనప్పుడు "ఒకటి" లేదా "రెండు" అని చెప్పినా చాలు.
>
> స్లైడు చిత్రం జతచేశాను.
>
> నమస్కారాలతో,
> (పేరు), (రోల్ నంబరు)

ఇందులో మూడు చోట్ల ఆగి చూడండి. పంక్తిని కొటేషన్లలో ఉన్నది ఉన్నట్టు ఇచ్చింది, తన మాటల్లోకి మార్చలేదు. తన మొగ్గు ఎటో చెప్పింది, అందువల్ల ఆచార్యులు "అవును" అని కూడా జవాబు ఇవ్వవచ్చు. "అకార సంధి వరకు" అన్న మాట చిన్నదే, కాని ఇకార సంధిని ఇందులోకి లాగకుండా కట్టడి చేసింది. అది లేకపోతే మెయిలు కూడా స్లైడులాగే తయారయ్యేది.

ఒక సరదా సంగతి. ఆమె మొదటి వాక్యం "నేను రెండో సెమిస్టరు విద్యార్థిని" అని రాసింది. అమ్మాయి కాబట్టి ఇబ్బంది లేదు. అదే అబ్బాయి రాస్తే? "నేను విద్యార్థిని" అన్నది "నేను విద్యార్థి"కి నిండు రూపమూ అవుతుంది, స్త్రీలింగమూ అవుతుంది. సందిగ్ధం గురించి రాసే మెయిలు సందిగ్ధంతో మొదలుకావడం ఎందుకని "చదువుతున్నాను" అని మార్చాం.

పరీక్ష మాట తీసేశాం. ఉద్దేశం తెలిస్తే ఏది రాయాలో తానే తెలుస్తుంది. మార్కుల మాట ఎత్తితే జవాబు కూడా మార్కుల లెక్కలోనే వస్తుంది.

9. తెలుగు అక్షరాలతో వచ్చే తిప్పలు

స్లైడులోని పంక్తిని కాపీ చేసి మెయిలులో అతికించకండి. మన దగ్గర చాలా స్లైడులు అను ఫాంట్ల వంటి పాత పద్ధతిలో టైపు చేసినవి. వాటిని అతికిస్తే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు పడతాయి. యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్ నుంచి తీసినా ఒక్కోసారి వత్తులు, గుణింతాలు చెదురుతాయి. సంధి గురించిన ప్రశ్నలో ఒక వత్తు ఎగిరిపోతే ప్రశ్నే మారిపోతుంది. పంక్తిని మీ చేతులతో టైపు చేయండి, తరువాత స్లైడుతో అక్షరం అక్షరం పోల్చండి.

జతచేసే చిత్రం ఆ ఒక్క స్లైడుదే కావాలి. ప్రొజెక్టరు తెరను వెనుక బెంచీ నుంచి తీసిన ఫోటోలో ముందువాళ్ల తలలే ఎక్కువ కనిపిస్తాయి. ఫైలు తెరిచి స్క్రీన్‌షాట్ తీయండి. మొత్తం ఫైలును తిరిగి పంపకండి, అది వారి దగ్గరే ఉంది.

చిత్రం ఉంది కదా అని పంక్తిని రాయడం మానకండి. ఫోనులో చదివేవారికి జతచేసిన చిత్రం వెంటనే తెరుచుకోకపోవచ్చు. మెయిలులోని మాటలతోనే ప్రశ్న పూర్తిగా తెలియాలి.

10. పంపడం

కాలేజీ ఇచ్చిన మెయిలు నుంచి పంపండి. అది లేకపోతే మీ పేరు తెలిసే చిరునామా నుంచి. ఒక్కరికే పంపండి. తరగతి అందరినీ, శాఖాధిపతినీ కలిపి పెడితే చిన్న సందేహం పంచాయితీ అవుతుంది.

రాసిన వెంటనే పంపవద్దు. దీనికి నా దగ్గర ఒక సాక్ష్యం ఉంది. నేను చదువుకునే రోజుల్లో చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే బస్సులో ఫోనులో మెయిలు టైపు చేసి, చంద్రగిరి దాటేలోపు పంపేయాలని తొందరపడ్డాను. ఫోను తనకు తోచిన మాట పెట్టింది. విషయం పంక్తిలో "సంధి" కాస్తా "సంది" అయింది. సాయంత్రం జవాబు వచ్చింది: "సంది మూసి, సంధి తెరిచి మళ్లీ పంపండి." ఆయన కోపంగా రాశారో సరదాగా రాశారో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ రోజు నుంచి పంపే ముందు గట్టిగా పైకి చదువుతాను, బస్సులో అయితే పెదవులు కదుపుతాను.

పంపే ముందు:

- ☐ ఆచార్యుల పేరులో అక్షరాలు సరిచూశాను
- ☐ కొటేషన్లలోని పంక్తి స్లైడుతో సరిపోతోంది
- ☐ ప్రశ్నార్థకం ఒక్కటే ఉంది
- ☐ చిత్రం నిజంగానే జతైంది
- ☐ ఫోను తెరమీద మొత్తం రెండు సార్లు జరిపితే అయిపోతోంది

11. జవాబు రాకపోతే

నాలుగు పని దినాలు ఆగండి. ఆదివారాలు, సెలవులు లెక్కలోకి తీసుకోవద్దు. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతిలో ఎవరి పనీ గడియారం ప్రకారం సాగదు, అప్పుడు ఇంకో రెండు రోజులు ఆగితే మంచిది. తరువాత అదే మెయిలు కింద, కొత్తది తెరవకుండా, రెండు పంక్తులు రాయండి:

> నమస్కారం. 14వ స్లైడు గురించి కింద అడిగిన సందేహం మీకు గుర్తుచేస్తున్నాను. తరగతి తరువాత వచ్చి అడగమన్నా వస్తాను.

"ఇంతవరకు జవాబు రాలేదు" అనకండి. రాలేదని ఆయనకూ తెలుసు. మూడోసారి మెయిలు వద్దు. కాగితం మీద ఆ రెండు అర్థాలు, ఆ ఒక్క ఉదాహరణ రాసుకుని నేరుగా కలవండి. రాసుకున్నది ఉంది కాబట్టి వరండాలో నిలబడి అర నిమిషంలో అడిగేయవచ్చు.

12. జవాబు వచ్చాక

మన మెయిలుకు మూడో రోజు జవాబు వచ్చింది: "రెండోదే. అకార సంధికి, ఇకార సంధికి విడివిడిగా రాయాల్సింది. మారుస్తాను."

ఆమె ఒక్క పంక్తి తిరిగి రాసింది: "అలాగే సార్, అకార సంధికి రెండో అర్థమే రాసుకున్నాను. ధన్యవాదాలు." తనకు ఏం అర్థమైందో తిరిగి చెప్పింది కాబట్టి, అది తప్పైతే ఆయన అక్కడే సరిదిద్దగలరు. ఉత్త "ధన్యవాదాలు సార్"కు ఆ ఉపయోగం లేదు.

అన్ని జవాబులూ ఇంత సూటిగా రావు. "పుస్తకం చూడండి" అని వస్తే, చూశానని వాదించకండి. "చూశాను, అక్కడ ఉన్నదే స్లైడుకూ వర్తిస్తుందని తీసుకుంటున్నాను" అని రాసి ఊరుకోండి. అది తప్పైతే ఆయనే చెబుతారు. "రెండూ సరైనవే" అని వస్తే మాత్రం మళ్లీ ఉదాహరణ దగ్గరికే వెళ్లండి: "అయితే అమ్మిచ్చెను అని రాయవచ్చా?" ఈ ప్రశ్నకు రెండూ అన్న జవాబు కుదరదు.

జవాబును తరగతి గ్రూపులో పెట్టాలనిపిస్తే ఆచార్యులను అడిగి పెట్టండి, పెట్టేటప్పుడు ఆయన వాక్యాన్ని కుదించకుండా పెట్టండి. ఆ అమ్మాయి స్నేహితురాలు ఒకరు దాన్ని "అకార సంధిలో రెండోదే" అని కుదించి పంపారు. రాత్రికల్లా తొమ్మిది మంది ఆమెను అడిగారు, రెండోదంటే ఏ రెండోది అని.

కొత్త ఫైలు వచ్చినప్పుడు పాతది తీసేయండి. ఆచార్యులు చాలాసార్లు అదే పేరుతో పెడతారు. ఫోనులో Sandhulu_2.pdf, Sandhulu_2 (1).pdf అని రెండూ పక్కపక్కనే ఉంటే, పరీక్ష ముందు రాత్రి మీరు తెరిచేది ఎలాగూ పాతదే అవుతుంది.